బడి వయసు పిల్లలు ఇంకా పక్క తడుపుతుంటే: ముందు పొట్ట చూడండి, తర్వాత పగటి అలవాట్లు చూడండి

"ఎనిమిదేళ్లు వచ్చాయి, ఇంకా పక్క తడుపుతున్నాడు, మొద్దు నిద్ర, ఎంత లేపినా లేవడు, ఏం చేయాలి?" ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అమ్మానాన్నలు అడిగారో లెక్కలేదు. దాదాపు అందరూ నిద్ర దగ్గరే ఆగిపోతారు. పిల్లాడు రోజూ మోషన్‌కి వెళ్తున్నాడా అని అడిగితే చాలామందికి తెలియదు. బడిలో ఎన్నిసార్లు బాత్రూమ్‌కి వెళ్తాడో అసలే తెలియదు. రాత్రి సంగతి సగం ఈ రెండింటిలోనే ఉంటుంది కాబట్టి ఈ వ్యాసం ఎక్కువగా వాటి గురించే. తడి తగలగానే మోగే అలారం, రాత్రి మూత్రం తగ్గించే మాత్రలు తర్వాత వస్తాయి.

ఐదేళ్లు దాటి, ఎప్పుడూ వరసగా ఆరు నెలలు పొడిగా లేని, పగలంతా బాగానే ఉండే పిల్లల కోసం ఇది రాస్తున్నాను.

ఎందుకు జరుగుతుంది, కొంచెమే

రాత్రి మూత్రసంచి పట్టేదానికన్నా ఎక్కువ మూత్రం తయారవ్వాలి, లేదా సంచి తన వంతు నింపుకోకముందే బిగుసుకుని వదిలేయాలి. ఆ రెండింటిలో ఏది జరిగినా, సంచి పంపే కబురు పిల్లాడిని నిద్ర లేపలేకపోతేనే పక్క తడుస్తుంది. అంటే నిద్ర పాత్ర నిజమే, ఈ పిల్లలకు మెలకువ రావడం నిజంగానే కష్టం. అది బద్ధకం కాదు, మొండితనం కాదు, తిడితే పోయేది అంతకన్నా కాదు. కానీ నిద్రను మనం నేరుగా మార్చలేం. సంచి ఎంత పడుతుంది, రాత్రికి ఎంత మూత్రం చేరుతుంది అన్నవి మాత్రం చాలావరకు మార్చగలం. అమ్మకో నాన్నకో చిన్నప్పుడు ఈ ఇబ్బంది ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం బాగా ఎక్కువ, అది వాళ్లకి చెప్పండి కూడా, "నాకూ ఉండేది, పోయింది" అన్న మాట వింటే పిల్లల టెన్షన్ సగం తగ్గుతుంది.

మలబద్ధకం ఇందులోకి ఎలా వస్తుందంటే, మలాశయం మూత్రసంచికి సరిగ్గా వెనకే ఉంటుంది. అది గట్టి మలంతో నిండి ఉబ్బితే ముందున్న సంచిని నొక్కుతుంది, సంచికి చోటు తగ్గుతుంది, పైగా అది ఊరికే బిగుసుకోవడం మొదలుపెడుతుంది. పొట్ట ఖాళీ చేయకుండా అలారం పెట్టినా మాత్ర వేసినా సరిగా పనిచేయకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

ఇవి ఉంటే కింది దశలు మొదలుపెట్టకుండా ముందు డాక్టర్‌కి చూపించండి

- ఈ మధ్య విపరీతంగా దాహం వేస్తూ, మాటిమాటికీ మూత్రానికి వెళ్తూ, బరువు తగ్గుతుంటే అదే రోజు వెళ్లాలి. ఇది మధుమేహం కావచ్చు, ఒక రక్తపు చుక్క పరీక్షతో నిమిషాల్లో తెలిసిపోతుంది. వాంతులు, పొట్టనొప్పి, వేగంగా బరువుగా ఊపిరి తీయడం కూడా ఉంటే ఎమర్జెన్సీకే వెళ్లండి.
- మూత్రం పోసేటప్పుడు మంట, జ్వరం, మూత్రంలో రక్తం.
- ఆరు నెలలకు పైగా పొడిగా ఉన్న బిడ్డ మళ్లీ మొదలుపెట్టడం. మనసుకి తగిలిన దెబ్బ, బడిలో వేధింపు, ఇంట్లో పెద్ద మార్పు కూడా కారణం కావచ్చు, కానీ ముందు మూత్ర పరీక్ష.
- పగలు కూడా బట్టలు తడవడం, ధార సన్నగా రావడం, ముక్కితే గానీ రాకపోవడం, ఎప్పుడూ చుక్కలు కారుతూనే ఉండటం.
- కాళ్లలో బలహీనత, నడకలో మార్పు, నడుము కింద వెన్ను మీద గుంట, వెంట్రుకల కుచ్చు లేదా వాపు.
- రోజూ గట్టిగా గురక, నిద్రలో ఊపిరి ఆగినట్టు అనిపించడం. ముక్కు వెనక అడినాయిడ్స్ లేదా టాన్సిల్స్ పెరిగిన పిల్లల్లో పక్క తడపడం దానితో ముడిపడి ఉండొచ్చు.

ఏమేం కావాలి

- ఒక నోటుబుక్కు, పెన్ను
- మిల్లీలీటర్ల గీతలున్న పాత కొలత గ్లాసు, ఇక దీనికే వాడండి
- గ్రాములు చూపే వంటింటి తూకం
- పిల్లాడి సైజు రాత్రి డైపర్లు కొన్ని, కొలత కోసం మాత్రమే
- టాయిలెట్ దగ్గర కాళ్లు ఆనించుకోవడానికి చిన్న పీట
- నీళ్లు పట్టని పరుపు కవరు, రెండు జతల దుప్పట్లు

1. రెండు వారాలు ఏమీ మార్చకుండా రాయండి

తడిసిన రాత్రులు, పొడి రాత్రులు, మోషన్ ఎప్పుడయింది, ఎలా ఉంది, ఇంతే. ఎనిమిదేళ్ల పిల్లలు టాయిలెట్‌కి ఒక్కరే వెళ్తారు కాబట్టి మోషన్ సంగతి మీకు తెలియదు, పిల్లాడిని అడిగితే "అయింది" అంటాడు. ఫ్లష్ చేసే ముందు పిలవమనండి. సిగ్గుపడితే కాగితం మీద ఉండలు, పగుళ్లున్న పెద్ద ముద్ద, మెత్తగా జారేది అని మూడు బొమ్మలు గీసి వేలు పెట్టమనండి.

2. సెలవు రోజుల్లో రెండు రోజులు పగటి మూత్రం కొలవండి

ప్రతిసారీ గ్లాసులో పోయించి టైము, కొలత రాయండి. పొద్దున లేవగానే పోసేది విడిగా రాసి పెట్టండి, దాన్ని పగటి లెక్కలో కలపొద్దు. మిగతావాటిలో పెద్ద అంకె ఏదో చూడండి, సంచి ఎంత పడుతుందో చెప్పేది అదే. 12 ఏళ్ల వరకు ఆ వయసుకు ఎంత ఉండాలో ఈ లెక్క చెబుతుంది:

(వయసు + 1) × 30 = మిల్లీలీటర్లు

ఎనిమిదేళ్లకి 270. పిల్లాడి పెద్ద అంకె ఇందులో 65 శాతం కన్నా తక్కువ, అంటే దాదాపు 175 దాటకపోతే, సంచి వయసుకి తగ్గట్టు నిండట్లేదన్నమాట. కొలవాలి కదా అని పిల్లాడిని బలవంతంగా ఆపుకోమనకండి, మామూలుగా వెళ్లినప్పుడే కొలవాలి.

3. కొన్ని రాత్రులు రాత్రి మూత్రం లెక్క కట్టండి

వీలైతే ఏడు రాత్రులు, కనీసం మూడు నాలుగు. పొడి డైపర్ తూచి రాసుకోండి, పొద్దున తడిసిన దాన్ని తూచి తేడా తీయండి, ఒక గ్రాము దాదాపు ఒక మిల్లీలీటరు. దానికి లేవగానే పోసింది కలపండి, రాత్రి మధ్యలో లేచి వెళ్తే అదీ కలపాలి. ఈ మొత్తం వయసు లెక్కకి 130 శాతం దాటితే, ఎనిమిదేళ్లకి దాదాపు 350, రాత్రి మూత్రం ఎక్కువగా తయారవుతోందని అర్థం.

పెద్దపిల్లలు డైపర్ అంటే బాధపడతారు. ఇది కొలతకే, ఫలానా రోజుతో అయిపోతుంది అని ముందే చెప్పండి, ఇంట్లో మిగతా పిల్లల ముందు తూకం వేయకండి. అసలే ఒప్పుకోకపోతే ఈ దశ వదిలేయండి, మిగతా రెండు లెక్కలతోనూ చాలా తెలుస్తుంది.

4. అంకెలు చదవడం, ఒక ఉదాహరణతో

ఎనిమిదేళ్ల బాబు అనుకుందాం. రెండు వారాల్లో 12 రాత్రులు తడిపాడు. పగటి కొలతలు 110, 90, 150, 130. పెద్దది 150, అంటే 175 కన్నా తక్కువ. రాత్రి డైపర్ తేడా 190, పొద్దున పోసింది 100, మొత్తం 290, ఇది 350 దాటలేదు. మోషన్ మూడు రోజులకోసారి, పెద్దగా, గట్టిగా, అప్పుడప్పుడు నిక్కరుకి మరక. ఇక్కడ నీళ్లు ఎక్కువ తాగుతున్నాడన్నది కారణం కాదు, రాత్రి మూత్రం మామూలుగానే ఉంది. సంచికే చోటు చాలట్లేదు, దాని వెనక నిండిన మలాశయం ఉంది. ఈ బాబుకి సాయంత్రం నీళ్లు మానిపిస్తే పెద్దగా ఒరిగేది లేదు, పైగా మలం ఇంకా గట్టిపడుతుంది. ముందు 5వ దశ, దాంతోపాటే 6.

అదే వయసు పాపకి పగలు పెద్ద కొలత 260, మోషన్ రోజూ మెత్తగా, రాత్రి మొత్తం 400 వచ్చిందనుకోండి. సంచి బాగానే ఉంది, పొట్ట బాగానే ఉంది, రాత్రి మూత్రమే ఎక్కువ. నీళ్లు ఏ టైములో తాగుతోందో చూడాలి, అది సరిచేశాక కూడా ఇలాగే ఉంటే మాత్ర బాగా పనిచేసేది ఇలాంటివాళ్లకే.

5. పొట్ట సరిచేయడం

మలబద్ధకం ఉందని దేన్ని బట్టి అనుకోవాలి? వారానికి మూడుసార్ల కన్నా తక్కువ వెళ్లడం, ఉండలుగా గట్టిగా రావడం, టాయిలెట్ మూసుకుపోయేంత పెద్దగా రావడం, నొప్పి, పొట్టనొప్పి అంటూ ఉండటం, నిక్కరుకి మరకలు. ఆ మరకల్ని సరిగా కడుక్కోవట్లేదని తిడుతుంటారు, కానీ చాలాసార్లు అది గట్టి మలం పక్క నుంచి పిల్లాడికి తెలియకుండానే కారిందే. రోజూ వెళ్తున్నాడు కాబట్టి మలబద్ధకం లేదనుకోకండి, రోజూ కొంచెం కొంచెం వెళ్తూ లోపల చాలా మిగుల్చుకునే పిల్లలు ఉంటారు.

చేయాల్సింది ఇది. రోజూ రెండు పూటలా, తిన్న అరగంటలోపు, ఐదు నుంచి పది నిమిషాలు కూర్చోబెట్టండి, వచ్చినా రాకపోయినా. తిన్నాక పేగు దానంతటదే కదులుతుంది, దాన్ని వాడుకుంటున్నాం. కుర్చీ టాయిలెట్ అయితే కాళ్లు వేలాడకూడదు, పీట మీద ఆనించి మోకాళ్లు నడుము కన్నా కాస్త పైకి రావాలి. పళ్లు, కూరగాయలు, పప్పులు, పొట్టు తీయని ధాన్యాలు, పగలు సరిపడా నీళ్లు ఇవ్వండి, పాలు మరీ ఎక్కువగా తాగుతుంటే తగ్గించండి.

కానీ నెలల తరబడి పేరుకున్నది తిండితో మాత్రమే పోదు, ఈ విషయంలో నాది గట్టి అభిప్రాయం. డాక్టర్ సాధారణంగా పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి రాస్తారు, అది నీళ్లను మలంలోనే ఉంచి మెత్తబరుస్తుంది. మొదట పేరుకున్నది ఖాళీ అయ్యేలా ఎక్కువ మోతాదు, ఆ తర్వాత రోజూ మెత్తగా వచ్చేలా తక్కువ మోతాదు, ఎంత అన్నది బరువును బట్టి డాక్టరే చెప్పాలి. దీనికి అలవాటు పడతాడేమో అని భయపడి వారానికే ఆపేస్తారు, అక్కడే అంతా చెడుతుంది. ఇది పేగును అలవాటు పడేలా చేసే మందు కాదు. ఉబ్బిన మలాశయం మామూలు సైజుకి రావడానికి నెలలు పడుతుంది, అంతవరకు కొనసాగించాలి, ఆపేటప్పుడూ మెల్లగా తగ్గించాలి. పెద్దవాళ్లు వాడే విరేచనాల మాత్రలు, ఎనిమాలు ఇంట్లో సొంతంగా ఇవ్వొద్దు.

మొదటి రోజుల్లో మోషన్ పలచగా ఎక్కువసార్లు అవుతుంది, బట్టలూ పాడవొచ్చు. సెలవుల్లో మొదలుపెట్టండి.

6. పగటి అలవాట్లు

బడిలో ఆపుకునే పిల్లలు చాలామంది. బాత్రూమ్ శుభ్రంగా లేదనో, తలుపు గడియ పడదనో, టీచర్ పంపరనో, ఆటలో పడిపోయో. పొద్దున ఇంట్లో ఒకసారి, మళ్లీ ఇంటికొచ్చి పరుగున ఒకసారి వెళ్తున్నాడంటే మధ్యలో అంతా ఆపుకున్నట్టే. అలా ఆపుకోకూడదనే బడిలో నీళ్లు తాగడం కూడా మానేస్తాడు, ఇంటికి రాగానే దాహంతో అంతా ఒక్కసారి తాగేస్తాడు, అది రాత్రికి సంచిలో చేరుతుంది. పక్క తడిపే పిల్లల్లో ఈ వరస ఎంత మామూలో చెప్పలేను.

కాబట్టి రోజుకి నాలుగు నుంచి ఏడుసార్లు వెళ్లేలా చూడండి, రెండు మూడు గంటలకోసారి, రాకపోయినా ప్రయత్నించాలి. టీచర్‌తో మాట్లాడి, అందరి ముందు అడగక్కర్లేకుండా విరామంలో వెళ్లేలా ఏర్పాటు చేయించండి. హడావుడిగా పోసి పరిగెత్తుకు రావొద్దు, పూర్తిగా అయ్యాక కొంచెం ఆగి ఇంకోసారి ప్రయత్నించమనండి. ఆడపిల్లలు లోదుస్తులు పాదాల దాకా దించి, మోకాళ్లు బాగా ఎడంగా పెట్టి కూర్చోవాలి, కాళ్లు దగ్గరగా పెడితే మూత్రం కొంత లోపల నిలిచి తర్వాత కారుతుంది.

నీళ్లు నాలుగు నుంచి ఎనిమిదేళ్లకు రోజుకి 1000 నుంచి 1400 మిల్లీలీటర్లు, ఆపైన వయసులో ఇంకా ఎక్కువ, ఎండలో ఆడితే మరికొంత. దీన్ని ఐదు వంతులు చేసి, రెండు వంతులు పొద్దుటి నుంచి మధ్యాహ్నం లోపు, రెండు వంతులు మధ్యాహ్నం నుంచి బడి అయ్యేదాకా, ఒక వంతు సాయంత్రం. 1200 అయితే 480, 480, 240. కాఫీ, టీ, కోలాలు వద్దు. పడుకునే ముందు గంటన్నర నుంచి తాగకుండా ఉంటే చాలు, కానీ నిజంగా దాహమేస్తే గుక్కెడు ఇవ్వండి, దాహంతో పడుకోబెట్టకండి. దీపం ఆర్పే ముందు తప్పనిసరిగా బాత్రూమ్.

7. పనిచేస్తోందో లేదో చూడటం

ఒక్కో రాత్రిని కాదు, వారాన్ని వారంతో పోల్చండి. నాలుగు నుంచి ఆరు వారాలు ఇవ్వండి. మొదట కనిపించే మార్పు పొడి పక్క కాకపోవచ్చు. మోషన్ దాదాపు రోజూ మెత్తగా అవుతుంది, నిక్కరు మరకలు పోతాయి, పగలు పరుగెత్తాల్సిన అవసరం తగ్గుతుంది. అప్పుడు రెండు రోజులు మళ్లీ గ్లాసుతో కొలవండి. పై ఉదాహరణలో బాబుకి పెద్ద కొలత 150 నుంచి 200 దాటితే సరైన దారిలో ఉన్నట్టే, తడిసిన రాత్రులు వారానికి ఆరు నుంచి నాలుగుకి తగ్గినా గెలుపే. పక్క మీద మరక చిన్నదవడం, ముందు కన్నా ఆలస్యంగా, తెల్లవారుజామున తడపడం కూడా మంచి గుర్తులే.

పొట్ట పూర్తిగా సరయ్యాక కూడా పక్క తడుస్తుంటే నిరాశపడకండి, చాలామందికి అలాగే ఉంటుంది. కాకపోతే ఇప్పుడు తర్వాతి దశ పనిచేస్తుంది.

8. అలారం లేదా మాత్ర

*అలారం:* లోదుస్తులకో పక్కకో తడి తగలగానే మోగే పరికరం. శాశ్వతంగా మాన్పించడంలో దీనికే ఎక్కువ బలం ఉంది, కానీ ఓపిక కావాలి. మొదటి వారాల్లో ఇల్లంతా లేస్తుంది, పిల్లాడు మాత్రం లేవడు. అది చూసి ఇది పనికిరాదని తీసేస్తారు. మీరు లేచి, పిల్లాడిని పూర్తిగా మేల్కొలిపి, అలారం తనతోనే ఆపించి, బాత్రూమ్‌కి నడిపించి, దుప్పటి మార్చడంలో చేయి వేయించాలి. ప్రతి రాత్రీ పెట్టాలి, రాత్రి విడిచి రాత్రి కాదు. నాలుగు వారాల తర్వాత చూడండి. మరక చిన్నదైనా, మోతకి తనే కదులుతున్నా, తడపడం ఆలస్యమైనా కొనసాగించండి, ఏ మార్పూ లేకపోతే ఆపి డాక్టర్‌తో మాట్లాడండి. వరసగా 14 పొడి రాత్రులు వచ్చేదాకా పెట్టాలి, సాధారణంగా రెండు మూడు నెలలు. పిల్లాడికి ఇష్టం లేకపోయినా, ఇంట్లో పసిబిడ్డ ఉండి మీకు ఇప్పటికే నిద్ర కరువైనా, మీ కోపం అదుపులో ఉండదనిపించినా ఇప్పుడు మొదలుపెట్టొద్దు.

*మాత్ర:* డెస్మోప్రెసిన్. రాత్రి మూత్రం తయారీని తగ్గిస్తుంది, కాబట్టి పై ఉదాహరణలో 400 వచ్చిన పాపలాంటివాళ్లకి బాగా సరిపోతుంది. క్యాంపుకో చుట్టాలింటికో వెళ్లే రోజులకూ పనికొస్తుంది, కానీ ముందే ఇంట్లో వాడి చూడాలి. ఆపేస్తే చాలామందికి తిరిగి వస్తుంది. డాక్టర్ రాస్తేనే వాడాలి, ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి: మాత్రకి గంట ముందు నుంచి ఎనిమిది గంటల తర్వాత వరకు గుక్కెడుకి మించి తాగకూడదు. తాగితే ఒంట్లో నీరు నిలిచి సోడియం పడిపోయి ఫిట్స్ రావొచ్చు. వాంతులు, విరేచనాలు, జ్వరం ఉన్న రోజు మాత్ర వద్దు. వేసుకున్నాక తలనొప్పి, వాంతి, అయోమయం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

అర్ధరాత్రి సగం నిద్రలో ఎత్తుకెళ్లి పోయించడం. దుప్పటి ఆ రాత్రికి మిగులుతుంది, అంతే, పిల్లాడు మేల్కోలేదు కాబట్టి నేర్చుకునేది ఏమీ లేదు. మరీ అలసిపోయిన రోజు మీ నిద్ర కోసం చేసుకోండి, తప్పు లేదు, కానీ దాన్ని వైద్యం అనుకోకండి.

సంచి సాగుతుందని పగలు ఆపుకోమనడం. ఆపుకోవడమే సమస్యలో భాగమైన పిల్లాడికి ఇది ఇంకా చేటు.

పొడి రాత్రికి బహుమతి ఇవ్వడం. నిద్రలో జరిగేది తన చేతిలో లేదు కదా. బహుమతి ఇవ్వాలనుకుంటే తన చేతిలో ఉన్నవాటికే ఇవ్వండి: టైముకి టాయిలెట్‌లో కూర్చున్నందుకు, బడిలో నీళ్లు తాగినందుకు, అలారానికి లేచినందుకు. తడిపితే తీసేసుకోవడం, అందరి ముందు చెప్పడం, తన దుప్పటి తనే ఉతకాలని శిక్ష వేయడం ఏ పిల్లాడినీ పొడిగా చేయలేదు, తడి సంగతి దాచిపెట్టడం మాత్రం నేర్పుతుంది.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టడం. పొట్ట మందు, అలారం, మాత్ర ఒకే వారం మొదలైతే ఏది పనిచేసిందో తెలియదు, ఏది ఆపాలో తెలియదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు

పైన చెప్పిన హెచ్చరికలు లేకపోయినా, ఏడేళ్లు దాటినా, పిల్లాడు బాధపడుతున్నా, ఆరు వారాల ప్రయత్నానికి మార్పు లేకపోయినా చూపించండి. నోటుబుక్కు పట్టుకెళ్లండి, అది లేకపోతే మొదటి విజిట్ అంతా "గుర్తులేదండీ"తోనే గడిచిపోతుంది. సాధారణంగా పొట్ట నొక్కి చూస్తారు, నడుము కింద వెన్ను చూస్తారు, అవసరమనిపిస్తే మూత్ర పరీక్ష చేయిస్తారు. రాత్రి మాత్రమే తడిపే ఆరోగ్యమైన బిడ్డకి స్కాన్లు చాలావరకు అక్కర్లేదు, పగలు కూడా ఇబ్బంది ఉంటే అల్ట్రాసౌండ్ రాయొచ్చు. పొట్ట సంగతి వాళ్లు అడగకపోతే మీరే చెప్పండి, మోషన్ పేజీ తెరిచి చూపించండి.

పొడిగా ఉన్న కొన్ని నెలల తర్వాత మళ్లీ వరసగా తడపడం మొదలైతే ముందు మోషన్ ఎలా అవుతోందో చూడండి, చాలాసార్లు మందు ఆపేశాక పొట్ట మళ్లీ నిండి ఉంటుంది. అది బాగుంటే అలారం తిరిగి పెట్టండి, రెండోసారి సాధారణంగా త్వరగానే దారిలోకి వస్తారు. పొడిగా ఉన్నది ఆరు నెలలు దాటి ఉంటే మాత్రం ముందు మూత్ర పరీక్ష చేయించండి.